కిడ్నీ ఇచ్చిన అక్క బిల్లు ఎవరి పాలసీలోకి వెళ్తుంది?

నల్లగొండలో ఆరోగ్య బీమా క్లెయిమ్ కాగితాలు చూసిపెట్టేవాళ్ల దగ్గర కిడ్నీ మార్పిడి ఫైలు రెండు రకాలుగా వస్తుంది. ఆపరేషన్‌కు ముందు వస్తే ఒక పూట కూర్చుని మాట్లాడుకోవచ్చు. అయిపోయాక వస్తే చేయగలిగింది తక్కువ. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ రెండో రకమే. వాటితోపాటు వచ్చే ప్రశ్న కూడా దాదాపు ఒకటే: "అన్నా, పాలసీలో డోనర్ ఖర్చు కవర్ అయితదని రాసి ఉంది. మరి డోనర్ టెస్టులకు పైసా ఎందుకియ్యలే?"

పాలసీలో అలా రాసి ఉండటం నిజమే. డబ్బు రాకపోవడమూ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం కావాలంటే పాలసీ దృష్టిలో దాత ఎవరో తెలియాలి. చెబితే వింతగా ఉంటుంది కానీ, ఆ కాగితం లెక్కలో దాత రోగి కాదు.

ఆరోగ్య బీమాలో వాడే ముఖ్యమైన మాటలకు బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఒకే రకం నిర్వచనాలు ఇచ్చింది. కంపెనీ ఏదైనా అవే ఉంటాయి. వైద్య ఖర్చు అంటే పాలసీలో ఉన్న మనిషి తన జబ్బు వల్లగానీ ప్రమాదం వల్లగానీ డాక్టర్ సలహా మీద పెట్టిన ఖర్చు. అవసరమైన చికిత్స అంటే ఆ మనిషికి వచ్చిన జబ్బుకు లేదా గాయానికి కావలసిన చికిత్స. ఇప్పుడు ఈ కొలతను తమ్ముడికి కిడ్నీ ఇస్తున్న అక్క మీద పెట్టి చూడండి. ఆమెకు జబ్బు లేదు. పైగా జబ్బు ఉంటే ఆమెను దాతగా తీసుకోరు. వారం రోజుల పరీక్షల తర్వాత "నీకు ఏ రోగమూ లేదు" అని డాక్టర్లు తేల్చాకే ఆమెను ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు. బీమా కొలతలో ఆ ఒక్క మాటతోనే ఆమె బయటికి వెళ్లిపోతుంది.

అందుకే అక్కకు సొంతంగా ఐదు లక్షల పాలసీ ఉన్నా కిడ్నీ తీసే ఆపరేషన్‌కు అది సాధారణంగా పనికిరాదు. "మా అక్కకు కూడా పాలసీ ఉంది కదా, అందులోంచి పెట్టుకుందాం" అని చాలామంది లెక్క వేసుకుంటారు. ఆ క్లెయిమ్ వేస్తే తిరస్కరణ ఉత్తరంలో వచ్చే కారణం దాదాపు ఇదే: ఆసుపత్రిలో చేరింది జబ్బుకు చికిత్స కోసం కాదు.

మరి పాలసీల్లో దాత ఖర్చు అనే క్లాజు ఎందుకు పెట్టారు? దాత కడుపులోంచి కిడ్నీ తీయకుండా రోగికి మార్పిడి జరగదు కాబట్టి. తీసే ఆపరేషన్‌ను రోగి చికిత్సలో ఒక భాగంగా చూసి, దాని ఖర్చును రోగి క్లెయిమ్‌కు తగిలించారు. అది దాత హక్కు కాదు, రోగి క్లెయిమ్‌కు మొలిచిన కొమ్మ. చెట్టు నిలిస్తేనే కొమ్మ ఉంటుంది. రోగి క్లెయిమ్ కొట్టేస్తే దాతదీ పోతుంది. రోగికి ఉన్న బీమా మొత్తంలోంచే దాత బిల్లూ కట్ అవుతుంది. కొమ్మ ఎంతవరకు సాగుతుందో అదీ క్లాజులోనే రాసి ఉంటుంది. ఎక్కువ పాలసీల్లో అవయవాన్ని తీయడం కోసం దాత ఆసుపత్రిలో చేరిన రోజుల ఖర్చు వరకే. చేరకముందు పరీక్షలు, ఇంటికి వెళ్లాక మందులు, తర్వాత వచ్చే ఇబ్బందులు ఆ గీతకు అవతల ఉంటాయి.

రోగికైతే ఆసుపత్రిలో చేరకముందు 30 లేక 60 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 లేక 90 రోజులు, కొన్ని పాలసీల్లో అంతకన్నా ఎక్కువ రోజుల ఖర్చు ఇస్తారు. ఆ నిర్వచనంలో కూడా "పాలసీలో ఉన్న మనిషి ఏ సమస్యతో చేరాడో ఆ సమస్యకు పెట్టిన ఖర్చు" అనే ఉంటుంది. దాతకు సమస్యే లేదు కాబట్టి ముందూ లేదు, వెనకా లేదు.

ఒక కుటుంబం లెక్క చూద్దాం. ఇది ఫలానా ఒక్క ఇంటిది కాదు. నేను చూసిన కాగితాల తీరులో కల్పించి, అంకెలను చేతివేళ్ల మీద కూడుకునేలా సర్దాను.

మిర్యాలగూడలో మోటార్ వైండింగ్ షాపు నడిపే మనిషి. వయసు 38. తను, భార్య, ఇద్దరు పిల్లలు కలిసి పది లక్షల ఫ్లోటర్ పాలసీ. తీసుకుని ఆరేళ్లు. రెండేళ్ల కింద కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. ఏడాదిగా వారానికి మూడుసార్లు డయాలసిస్. పాలసీ తీసుకునేటప్పటికి జబ్బు లేదు కాబట్టి ముందునుంచి ఉన్న జబ్బు అనే పేచీ రాదు. ఒకవేళ అప్పటికే ఉండి, ఫారంలో చెప్పి ఉంటే గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి వచ్చేది. 2024 ఏప్రిల్ ముందు ఆ గడువు నాలుగేళ్ల వరకు ఉండేది.

కిడ్నీ ఇస్తానని మొదట ముందుకొచ్చింది తల్లి. హైదరాబాద్‌లో పరీక్షలు చేయిస్తే షుగర్ బయటపడింది. వద్దన్నారు. ఆ పరీక్షలకు 22 వేలు అయ్యాయి. తర్వాత దేవరకొండ వైపు ఇచ్చిన అక్క వచ్చింది. 45 ఏళ్లు, నాలుగెకరాల పత్తి. ఆమెకు బ్లడ్ గ్రూపు, ఇద్దరి కణజాలం ఎంత కలుస్తుందో చూసే హెచ్ఎల్ఏ టైపింగ్, తమ్ముడి రక్తంతో క్రాస్‌మ్యాచ్, ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే డీటీపీఏ స్కాన్, రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూసే సీటీ యాంజియో, గుండెకు ఎకో, మానసిక వైద్యుడితో మాట్లాడించడం, ఇలా అన్నీ కలిపి 48 వేలు. అంతా సరిపోయింది.

తమ్ముడికి ఆపరేషన్ ముందు రెండు నెలల్లో పరీక్షలు, మందులకు 40 వేలు అయ్యాయి. ఆసుపత్రి బిల్లు మొత్తం తొమ్మిది లక్షలు. అందులో తమ్ముడి వైపు 6 లక్షల 90 వేలు, అక్క ఆపరేషన్, నాలుగైదు రోజుల గది, మందులు కలిపి 2 లక్షల 10 వేలు. డిశ్చార్జ్ తర్వాత మూడు నెలల్లో తమ్ముడికి కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ లాంటి మందులు, రక్తపరీక్షలకు 90 వేలు. అక్కకు ఇంటికొచ్చాక మందులు, ఒకసారి చెకప్ కలిపి 6 వేలు. పన్నెండో రోజు కుట్ల దగ్గర చీము పట్టి జ్వరం వస్తే నల్లగొండలో మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. అక్కడ 38 వేలు.

ఇప్పుడు పాలసీ వైపు నుంచి చూడాలి. అదే సంవత్సరంలో డయాలసిస్‌కు, దానికోసం చేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేయించడానికి అప్పటికే లక్షా 60 వేలు వాడేశారు. పది లక్షల్లో మిగిలింది 8 లక్షల 40 వేలు. రోగి ఖర్చులు మూడూ, అంటే ముందు 40 వేలు, ఆసుపత్రి 6 లక్షల 90 వేలు, తర్వాత 90 వేలు కలిపితే 8 లక్షల 20 వేలు. దాత లేకుండా చూస్తే పాలసీ సరిగ్గా సరిపోయి ఇంకో 20 వేలు మిగిలేది. అక్క ఆసుపత్రి బిల్లు 2 లక్షల 10 వేలు కూడా అదే సంచీలోంచి తీయాలి కాబట్టి మొత్తం 10 లక్షల 30 వేలకు చేరింది. సంచీలో ఉన్నది 8 లక్షల 40 వేలే. లక్షా 90 వేలు చేతి నుంచి పడింది. ఇది "కవర్ అయిన" ఖర్చులోనే పడిన బొక్క.

అసలు కవర్ కానివి వేరుగా ఉన్నాయి. తల్లి పరీక్షలు 22 వేలు, అక్క పరీక్షలు 48 వేలు, అక్క ఇంటికొచ్చాక 6 వేలు, చీము పట్టినప్పుడు 38 వేలు. అన్నీ కలిపి లక్షా 14 వేలు. రెండూ కలిపితే ఈ ఇంటి జేబులోంచి పోయింది 3 లక్షల 4 వేలు. అక్క పత్తి ఏరే కాలంలో ఆరు వారాలు బరువు ఎత్తకుండా ఇంట్లో కూర్చున్న నష్టం ఇందులో లేదు. కూలీలను పెట్టి ఏరించిన డబ్బూ లేదు.

ఈ లెక్కలో రెండు చోట్ల ఆగి చూడాలి. మొదటిది, బీమా మొత్తం తరిగిపోయిన తీరు. ఆసుపత్రి బిల్లు వచ్చేసరికి దాతదీ రోగిదీ కలిసి పాలసీని ఖాళీ చేసేస్తాయి. అందువల్ల దెబ్బ చాలాసార్లు దాత బిల్లు దగ్గర కనిపించదు. డిశ్చార్జ్ తర్వాత తమ్ముడి మందుల బిల్లులు పంపినప్పుడు "బీమా మొత్తం అయిపోయింది" అని వెనక్కి వస్తాయి. ఇంట్లోవాళ్లు మందుల క్లెయిమ్ తిరస్కరించారని తిట్టుకుంటారు. నిజానికి ఆ మందుల డబ్బును తిన్నది దాత బిల్లు.

"అయిపోతే మళ్లీ నిండుతుందని ఏజెంటు చెప్పాడు" అనేవాళ్లున్నారు. రీస్టోర్ సౌకర్యం చాలా పాలసీల్లో ఉంది. అయితే కొన్నింటిలో అది వేరే జబ్బుకే పనికొస్తుంది. అదే జబ్బుకు ఇచ్చేవాటిలో కూడా, మొత్తం ఖాళీ అయిన ఆ క్లెయిమ్‌కే వర్తించదని, తర్వాతి క్లెయిమ్ నుంచి మాత్రమే అని తరచుగా రాసి ఉంటుంది. మార్పిడి అంతా ఒకే క్లెయిమ్. అందుకని ఆ నిండిన సంచీ పక్కన ఉన్నా చేతికి అందదు.

రెండోది, తేదీ. బతికున్న దాత నుంచి చేసే మార్పిడి ముందే ముహూర్తం పెట్టుకునే ఆపరేషన్. పై కుటుంబానికి పాలసీ రెన్యువల్ ఆపరేషన్ తర్వాత నెలకే ఉందనుకుందాం. తమ్ముడు డయాలసిస్ మీద నిలకడగా ఉన్నాడని, నెల ఆగినా పర్వాలేదని నెఫ్రాలజిస్ట్ అంటే, రెన్యువల్ అయ్యాక చేరితే పది లక్షలూ కొత్తగా ఉండేవి. కవర్ అయ్యే ఖర్చు 10 లక్షల 30 వేలకు లోటు 30 వేలే. లక్షా 90 వేలకూ 30 వేలకూ మధ్య ఉన్నది ఒక్క తేదీ. ఈ మాట డాక్టర్‌ను అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఆగకూడదని ఆయనంటే మాత్రం ఆగొద్దు. అలాగని రెన్యువల్‌లో పది లక్షలను ఇరవై చేయించుకుంటే ఈ ఆపరేషన్‌కు పనికొస్తుందని అనుకోకండి. జబ్బు బయటపడ్డాక పెంచిన భాగానికి ఆ జబ్బు విషయంలో వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటినుంచి లెక్క పెడతారు.

కొన్ని పాత పాలసీల్లో దాత ఖర్చుకు వేరే గీత కూడా ఉంటుంది: బీమా మొత్తంలో ఇంత శాతం లేదా లక్ష, ఏది తక్కువైతే అది. అలాంటి పాలసీలో బీమా మొత్తం పాతిక లక్షలున్నా దాత ఆపరేషన్‌కు వచ్చేది లక్షే. మీ పాలసీతోపాటు ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ రెండు మూడు పేజీలే ఉంటుంది. అందులో సబ్-లిమిట్ అనే వరసలో దాత మాట ఉందేమో చూడండి. లేకపోతే అసలు పాలసీ కాగితంలో ఆ క్లాజు కింద "ఇవి ఇవ్వం" అన్న చిన్న జాబితాను పూర్తిగా చదవాలి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మాటకన్నా ఆ జాబితాకే విలువెక్కువ.

దాతకూ రోగికీ ఈ తేడా ఎందుకు పెట్టారని కంపెనీల మనుషులను అడిగితే చెప్పే కారణాలు నాకు అన్నీ ఒకే బరువున్నవిగా కనిపించవు. మొదటి కారణం గట్టిది. ప్రీమియం రోగి కుటుంబం కట్టింది. వాళ్ల వయసు, ఆరోగ్యం చూసి ధర కట్టారు. దాత ఎవరో ఆరోజు ఎవరికీ తెలియదు. తల్లి కావచ్చు, అక్క కావచ్చు, ఊహించని మనిషి కావచ్చు. ముఖం చూడని మనిషి ఆరోగ్యానికి ముందే పూచీ పడటం బీమాలో కుదరదు.

రెండో కారణం, అంతు లేని బాధ్యత. ఒక కిడ్నీతో మిగిలిన మనిషికి ఏటా బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలని డాక్టర్లు చెబుతారు. దాత తర్వాతి ఆరోగ్యమంతా కవర్ చేస్తామంటే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన బీపీ కూడా ఆ ఆపరేషన్ వల్లేనా కాదా అనే తగువు మొదలవుతుంది. అదీ ఒప్పుకుంటాను. కానీ ఆపరేషన్ జరిగిన నెలలో పట్టిన చీము ఆ తగువులోకి రాదు కదా. ముప్పై రోజులో అరవై రోజులో అని గీత గీస్తే సరిపోయేది. కొన్ని కొత్త పాలసీలు దాతకు వచ్చే కాంప్లికేషన్లకు పరిమితితో ఇవ్వడం మొదలుపెట్టాయి కూడా.

పరీక్షలు ఇవ్వకపోవడానికి మాత్రం నాకు సరైన కారణం దొరకలేదు. పరీక్షలు చేయకుండా ఏ ఆసుపత్రీ కిడ్నీ తీయదు. తీయడం రోగి చికిత్సలో భాగమని ఒప్పుకున్నప్పుడు, తీయడానికి తప్పనిసరి అయిన సీటీ యాంజియో ఎందుకు భాగం కాదు? కంపెనీ భయం తల్లి లాంటి కేసు దగ్గర ఉందని నా అనుమానం. ఒక రోగికి ఇద్దరు ముగ్గురిని, కొన్నిసార్లు నలుగురిని పరీక్షించాల్సి వస్తుంది. ఎంతమందికి కట్టాలో తెలియక తలుపే మూసేశారు. చివరికి ఇచ్చిన ఒక్కరి పరీక్షలు ఇచ్చి మిగతావి ఆపినా న్యాయంగా ఉండేది.

పరీక్షల కోసం దాతను రెండు రోజులు అడ్మిట్ చేయించి ఆ బిల్లును లాగుదామని కొందరు సలహా ఇస్తారు. అది చేయొద్దు. కేవలం పరీక్షల కోసం చేరితే ఇవ్వరని దాదాపు అన్ని పాలసీల్లో Excl04 అనే కోడ్ కింద రాసి ఉంటుంది. ఆపరేషన్ కోసం ముందురోజు చేరాక చేసే రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, చివరి క్రాస్‌మ్యాచ్ అయితే ఆ ఆసుపత్రి బిల్లులోనే వస్తాయి. వాటిని అడగడంలో తప్పు లేదు.

చట్టం సంగతి ఇక్కడే రావాలి. అవయవ మార్పిడిపై కేంద్ర చట్టం 1994లో వచ్చింది, 2011లో దాన్ని సవరించారు. అవయవాన్ని అమ్మడం, కొనడం నేరం. సవరణ తర్వాత శిక్ష ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి వరకు జరిమానా. ఆ భయంతోనే పాలసీల్లో "అవయవాన్ని సంపాదించడానికి అయిన ఖర్చు ఇవ్వం" అని రాస్తారు. అయితే అదే చట్టంలో డబ్బు చెల్లింపు అంటే ఏమిటో చెప్పే చోట ఒక మినహాయింపు ఉంది. అవయవాన్ని తీయడానికి, తరలించడానికి, భద్రపరచడానికి అయ్యే ఖర్చు అందులోకి రాదు. అవయవం ఇవ్వడం వల్ల నేరుగా దాతకు అయిన న్యాయమైన ఖర్చు, పోగొట్టుకున్న సంపాదన తిరిగి ఇవ్వడం కూడా రాదు.

అంటే తమ్ముడు అక్క బస్సు కిరాయి, మందులు, ఆరు వారాల కూలి నష్టం ఇస్తే అది కిడ్నీ కొన్నట్టు కాదు. చట్టం తలుపు తెరిచే పెట్టింది. బీమా కాగితం మాత్రం దాన్ని వాడుకోలేదు. ఇంట్లోవాళ్లు కూడా భయపడి ఆ డబ్బును దొంగచాటుగా చేతిలో పెడతారు. దేనికి ఎంత అని బిల్లులతో రాసిపెట్టుకుంటే తర్వాత ఎవరు అడిగినా చూపించవచ్చు. చాటుమాటున పెద్ద మొత్తం చేతులు మారితేనే అనుమానాలొస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు అవయవం ఇస్తే 42 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2023లో ఉత్తర్వులు వచ్చాయి. జీతం మీద బతికే దాతకు కోలుకోవడానికి ఎంతకాలం పడుతుందో ప్రభుత్వం అలా లెక్కగట్టింది. చేను మీద బతికే దాతకు అలాంటి లెక్క లేదు.

చట్టంలో ఇంకో ముడి ఉంది, మనవైపు వాళ్లు ఎక్కువగా చిక్కుకునేది దాంట్లోనే. పాలసీ క్లాజులో "అవయవ దానం చట్ట ప్రకారం జరగాలి" అని ఉంటుంది. దగ్గరి బంధువు అంటే చట్టం లెక్కలో భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, 2011 సవరణతో తాతలు, నానమ్మ అమ్మమ్మలు, మనవలు, మనవరాళ్లు. అంతే. బావమరిది లేడు. మేనమామ లేడు. వదిన లేదు, మేనల్లుడు లేడు. మన ఇళ్లలో పెళ్లికి పీటల దగ్గర మొదట కనిపించే చుట్టాలు చట్టం ముందు బయటివాళ్లే. "సొంత మేనమామ సారూ, బయటోడు ఎట్లయితడు?" అని అడిగిన మనిషికి నేను ఆ జాబితాను రెండుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది.

అలాంటివారు ఇవ్వకూడదని కాదు. వాళ్ల కేసు ఆథరైజేషన్ కమిటీ ముందుకు వెళ్లాలి. డబ్బు ప్రమేయం లేదని, ప్రేమతోనే ఇస్తున్నారని కమిటీ సంతృప్తి పడాలి. ఆ అనుమతి పత్రం క్లెయిమ్ ఫైలులో లేకపోతే దాత బిల్లే కాదు, రోగి బిల్లు మీద కూడా ప్రశ్నలొస్తాయి. దగ్గరి బంధువు అయినా ఆసుపత్రిలో బంధుత్వ రుజువు చూస్తారు. అత్తగారింటికి వెళ్లిన అక్క ఆధార్‌లో భర్త పేరు, ఇంటిపేరు మారి ఉంటాయి. తల్లిదండ్రుల పేర్లున్న పదో తరగతి మెమోనో, పాత రేషన్ కార్డో దొరికితే పని సులువవుతుంది. బడికి వెళ్లని ఆడవాళ్లకు ఈ ఒక్క కాగితం దగ్గరే వారాలు గడిచిపోతాయి. మొదటి పరీక్షకు హైదరాబాద్ వెళ్లే రోజునుంచే దాన్ని వెతకడం మొదలుపెట్టాలి.

ఆసుపత్రి లోపల ఎక్కువగా తప్పు జరిగేది బిల్లు రాసే దగ్గర. చాలాచోట్ల మార్పిడికి దాతనూ రోగినీ కలిపి ఒకే ప్యాకేజీ చెబుతారు. చెవికి హాయిగా ఉంటుంది. బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏ మాత్రం "ఇందులో దాతది ఎంత, రోగిది ఎంత, విడదీసి పంపండి" అని ప్రశ్న వేస్తుంది. పరీక్షల ఖర్చు కూడా ప్యాకేజీలో కలిసిపోయి ఉంటే దాన్ని తీసేయడానికి తమకు తోచిన అంకె కోస్తారు. అందుకని చేరకముందే రెండు వేర్వేరు అంచనాలు రాయించుకోవాలి. దాతకు వేరే ఐపీ నంబరు, వేరే బిల్లు, వేరే డిశ్చార్జ్ సమ్మరీ ఉండాలి. కానీ క్లెయిమ్ మాత్రం రోగి పాలసీ నంబరు కిందే నడవాలి. దాత డిశ్చార్జ్ సమ్మరీలో "ఫలానా రోగికి మార్పిడి కోసం కిడ్నీ తీశాం" అనే వాక్యం తప్పక ఉండాలి. ఆ వాక్యం లేకపోతే అదొక ఆరోగ్యవంతురాలికి కారణం లేకుండా చేసిన ఆపరేషన్‌లా కనిపిస్తుంది.

దాత రోగికన్నా ముందే ఇంటికెళ్తుంది. నాలుగో ఐదో రోజున ఆమెను డిశ్చార్జ్ చేస్తుంటే, క్యాష్‌లెస్ అనుమతి రోగికే వచ్చిందని, ఈమె బిల్లు ఇప్పుడు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోమని కౌంటర్‌లో చెబుతారు. కంగారులో అప్పుచేసి కడతారు. తర్వాత ఆ బిల్లును అక్క పేరుమీద, అక్క ఆధార్‌తో పంపిస్తారు. పాలసీలో ఆ పేరు ఉండదు కాబట్టి వెనక్కి వస్తుంది. ఇది ముందే పసిగట్టడం తేలిక. క్యాష్‌లెస్ అనుమతి లేఖ చేతికి రాగానే చదవండి. దాత ఆపరేషన్ మాట గానీ, దానికి వేరే మొత్తం గానీ అందులో లేకపోతే దాతకు ప్రీఆథ్, అంటే ముందస్తు అనుమతి దరఖాస్తు, వేయలేదన్నమాటే. ఆపరేషన్‌కు ముందే ఇన్సూరెన్స్ డెస్క్‌లో అడిగి వేయించాలి. చేతిలోంచి కట్టాల్సే వస్తే రీయింబర్స్‌మెంట్ ఫారంలో క్లెయిమ్ చేసే మనిషిగా తమ్ముడి పేరే ఉండాలి, అక్క బిల్లులు జత కాగితాలుగా వెళ్లాలి.

అక్క గది విషయం కూడా అంతే. పాలసీలో రోజు గది అద్దెకు పరిమితి ఉంటే దాన్ని దాటిన నిష్పత్తిలో డాక్టర్ ఫీజు, థియేటర్ ఖర్చు కూడా కోస్తారు. ఇచ్చే మనిషికి మంచి గది ఇద్దామనే ప్రేమ వల్ల ఆ కోత వస్తుంది. ముందు పరిమితి చూసుకుని గది మాట్లాడుకోవాలి.

పన్నెండో రోజు చీము పట్టిన బిల్లు సంగతి కొంచెం వేరు. తమ్ముడి పాలసీ ఇవ్వదు. అక్కకు సొంత పాలసీ ఉంటే మాత్రం అక్కడ ప్రయత్నించాలి. కిడ్నీ ఇవ్వడం జబ్బు కాదు గానీ ఇన్ఫెక్షన్ జబ్బే. దాతగా ఉండటం వల్ల వచ్చినవి ఇవ్వమని ఆమె పాలసీలో మినహాయింపు ఉందేమో చూసి, లేకపోతే నిర్మొహమాటంగా క్లెయిమ్ వేయాలి. తిరస్కరిస్తే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. పాలసీలో స్పష్టంగా లేదని రాసిన దాత పరీక్షల కోసం వెళ్తే మాత్రం చార్జీలు దండగ.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. దాంట్లో మార్పిడి జరిగితే, లేదా కిడ్నీలు పూర్తిగా పోయి క్రమంగా డయాలసిస్ అవసరమైతే, బిల్లులతో పని లేకుండా మొత్తం ఒకేసారి ఇస్తారు. ఆ డబ్బు రోగిదే. తల్లి పరీక్షలకు పెడతాడా, అక్క చేనుకు కూలీలను పెడతాడా అని ఎవరూ అడగరు. కాకపోతే జబ్బు రాకముందే తీసుకుని ఉండాలి.

ఆరోగ్యశ్రీ దారి వేరు. 2023 డిసెంబర్‌లో పరిమితిని పది లక్షలకు పెంచారు. కిడ్నీ మార్పిడి నిమ్స్, ఉస్మానియా, గాంధీ లాంటి చోట్ల ఆ పథకంలో జరుగుతోంది. అక్కడ పాలసీ క్లాజులతో కాక ప్యాకేజీ లెక్కతో నడుస్తుంది కాబట్టి దాతకు ఏమేమి కలిపారో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. కార్డు, పాలసీ రెండూ ఉన్నవాళ్లు ఏ దారిలో వెళ్లాలో దాత పరీక్షలు మొదలవకముందే తేల్చుకోవాలి. సగం దారిలో ఆసుపత్రి మారితే పరీక్షలు కొన్ని మళ్లీ చేస్తారు.

చనిపోయిన దాత నుంచి అవయవం వస్తే ఈ ముళ్లు చాలావరకు ఉండవు. రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకుని వంతు కోసం ఆగాలి. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి శరీరాన్ని నిలబెట్టడానికి, అవయవాలు తీయడానికి, తరలించడానికి అయ్యే ఖర్చును దాత కుటుంబం మీద వేయకూడదని 2014 నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఖర్చు రోగి వైపు బిల్లులోకి వస్తే, తరలింపు, భద్రపరచడం ఇవ్వమని రాసిన పాలసీలు ఆ వరసను కొట్టేస్తాయి.

మిర్యాలగూడ లెక్కలోని అక్క కథ ఇంకొంచెం ఉంది. ఆపరేషన్ తర్వాత ఏడాదికి ఆమె భర్త ఇంట్లో అందరికీ పాలసీ తీసుకుందామనుకుంటాడు. ప్రపోజల్ ఫారంలో "ఇంతకుముందు ఏదైనా ఆపరేషన్ జరిగిందా" అనే గడి వస్తుంది. జబ్బు కాదు కదా, లేదని రాసేద్దాం అని ఏజెంటు అనొచ్చు. రాయకూడదు. పాలసీకి 60 నెలలు నిండేవరకు, దాచారనే కారణంతో కంపెనీ క్లెయిమ్ ఆపగలదు. పైగా ఆమె కడుపు మీద మచ్చలు, ప్రతి స్కాన్‌లో ఒకే కిడ్నీ కనిపిస్తూనే ఉంటాయి. అవునని రాసి, దాత డిశ్చార్జ్ సమ్మరీ, తాజా క్రియాటినిన్ రిపోర్టు జత చేయాలి. ప్రీమియం కొంచెం పెంచితే ఎందుకు పెంచారో రాతలో అడగాలి. ఆమె ఫైలులో ఆ డిశ్చార్జ్ సమ్మరీ ఉండాలంటే దాని ఒరిజినల్ తమ్ముడి క్లెయిమ్‌తో టీపీఏకు వెళ్లిపోకముందే రెండు జిరాక్స్‌లు తీయించి, ఆసుపత్రి ముద్ర వేయించి, ఒకటి దేవరకొండ బస్సు ఎక్కేముందు అక్క సంచీలో పెట్టాలి.